ఆ పెట్టె ఏంట్రా?

మా మేనత్తా మామయ్యా గుంటూరులో ఉంటారు. కొడుకు న్యూజెర్సీలో, కూతురు మెల్‌బోర్న్‌లో. కిందటేడు పెళ్లిరోజున కొడుకు పంపిన మెసేజ్‌లో గులాబీల బొమ్మ ఒకటి, దాని మీద ఇంగ్లిష్ కవిత, కింద వరసగా ఇరవై ఎమోజీలు. అత్తయ్య చూసి ఫోన్ పక్కన పెట్టేసింది. "ఇది పొద్దున్నే పక్కింటావిడ కూడా పంపిందిరా" అంది నాతో.

పైగా అది ఒకరోజు ఆలస్యంగా వచ్చింది. తప్పు పూర్తిగా వాడిదీ కాదు. వాళ్ల పెళ్లి 1986 మే 22, గురువారం రాత్రి. ముహూర్తం రెండు దాటాక. శుభలేఖలో "తెల్లవారితే శుక్రవారం" అని ఉంటుంది. మన పంచాంగానికి రోజంటే సూర్యోదయం నుంచి సూర్యోదయం దాకా. గడియారానికి అర్ధరాత్రే హద్దు. వాడు గడియారం ప్రకారం 23 అని ఫోన్‌లో రాసుకున్నాడు, ఇంట్లో మాత్రం ఎప్పుడూ 22నే పాయసం. తిథి పట్టుకునే ఇళ్లలో చిక్కు ఇంకాస్త ఎక్కువ. తేదీ ఏటా పది పదకొండు రోజులు వెనక్కి జరుగుతుంది, అధికమాసం వస్తే మళ్లీ ముందుకు దూకుతుంది. అందుకే ఏ రోజని అమ్మనే అడగడం మంచిది. కాకపోతే ఆ వారంలో కాదు, ఓ నెల ముందు, మాటల్లో మాటగా.

తరవాతది గంటల లెక్క. మే నెలలో న్యూజెర్సీ మనకన్నా తొమ్మిదిన్నర గంటలు వెనక, చలికాలంలో పదిన్నర. తన గడియారంలో పన్నెండు కొట్టగానే పంపితే గుంటూరులో పొద్దున తొమ్మిదిన్నర. అప్పటికి వీళ్లు గుడికి వెళ్లొచ్చి, టిఫిన్ కూడా తినేసి ఉంటారు. ఆరింటికి కాఫీ వేళకు అందాలంటే అక్కడ ముందురోజు రాత్రి ఎనిమిదిన్నరకే పంపాలి. మెల్‌బోర్న్ అమ్మాయికి ఈ బాధ లేదు. మే నెలలో ఆ ఊరు మనకన్నా నాలుగున్నర గంటలు ముందు, అప్పటికి తనకు పదిన్నర.

ఈ ఏడు అన్నాచెల్లెళ్లు కలిసి రాశారు. నేనూ కాస్త వేలు పెట్టాననుకోండి. ఇదిగో:

అమ్మా, నాన్నా! నలభయ్యో పెళ్లిరోజు శుభాకాంక్షలు 💐
తాళి కట్టే వేళకు కరెంటు పోయి, పెట్రోమాక్స్ వెలుగులో ముడి వేసిన కథ ఇవాళ వీడియో కాల్‌లో మనవలకు చెప్పాలి నాన్నా 🪔
అమ్మా, నాన్న మజ్జిగలో ఉప్పు ఎక్కువేసుకున్నా ఈ ఒక్కరోజు చూడనట్టు ఊరుకో 😄
మా అందరి తరఫునా మీ కాళ్లకు దండం 🙏❤️

ఎమోజీలు ఐదే. ప్రతిదీ వాక్యం చివరే ఉంది, ఆ వాక్యంలో ఉన్నదాన్నే చూపిస్తోంది. ఇందులో పొదుపు ఒక్కటే కాదు, కంటిచూపు సంగతీ ఉంది. మామయ్య ఫోన్‌లో అక్షరాలు బాగా పెద్దవి చేసి పెట్టుకున్నాడు. ఆ సైజులో ఇరవై బొమ్మలంటే మూడు నాలుగు వరసలు, మాటలు ఎక్కడో కిందికి పోతాయి. తెలుగు లిపిలో రాయడం కూడా అందుకే. "pelliroju" అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొడితే అత్తయ్య కూడబలుక్కోవాలి.

ఉప్పు మాట దగ్గర కొడుకు మొదట 😂 పెట్టాడు. వద్దన్నాను. వాడి వయసువాళ్లకు అది పగలబడి నవ్వే ముఖం. అత్తయ్య కంటికి మాత్రం ముందు కనపడేది ఆ రెండు కన్నీటి చుక్కలే. ఒకసారి దాన్ని చూసి "ఏమైందమ్మా, ఎందుకేడుస్తున్నావ్?" అని మెల్‌బోర్న్‌కు ఫోన్ చేసింది కూడా. 😄లో నీళ్లు లేవు, గొడవా లేదు. 🙏 సంగతి వేరు, దాన్ని మన పెద్దవాళ్లకు ఎవరూ వివరించక్కర్లేదు.

మేం చూసుకోనిది దీపం. ఎమోజీ అంటే ఫోన్లు పంపుకునేది బొమ్మ కాదు, ఒక అంకె. ఆ అంకెకు తగిన బొమ్మను అందుకున్న ఫోన్ తనే గీసుకుంటుంది. మన ప్రమిద 🪔 ఆ జాబితాలో చేరింది 2019లో, చీర, ఆటోలతో పాటు. అంతకుముందువో, అప్‌డేట్ చేయనివో అయిన ఫోన్లకు ఆ అంకె తెలియదు, ఖాళీ పెట్టె గీసి ఊరుకుంటాయి. పువ్వుల గుత్తి, ఎర్ర గుండె పాతవి కాబట్టి ఆ భయం లేదు.

22న పొద్దున ఆరుంపావుకు మామయ్య కొడుక్కి ఫోన్ చేశాడు. మెసేజ్ రెండుసార్లు పైకి చదివించుకున్నాడట అత్తయ్య చేత.

"అంతా బాగుంది గానీ, కథ పక్కన ఆ పెట్టె ఏంట్రా?"

"దీపం నాన్నా. మీ ఫోన్ పాతది, కనపడలేదు."

"దీపమెందుకు? పెట్రోమాక్స్ బొమ్మ లేదా?"