గడప బయట చెప్పులు: ఒక్క నిమిషంలో ఏం చెప్పాలి?

చెప్పులు గుడి బయటే ఎందుకు విడుస్తాం అని ఫోన్‌లో వెతికితే తరచూ ఎదురయ్యే జవాబు ఒకటుంది. గర్భగుడిలో విగ్రహం కింద రాగి యంత్రం ఉంటుందట, దాని అయస్కాంత శక్తి నేలంతా పాకుతుందట, వట్టి కాళ్లతో నడిస్తే ఆ శక్తి ఒంట్లోకి ఎక్కుతుందట. ప్రతిష్ఠ సమయంలో విగ్రహం కింద యంత్రం ఉంచడం చాలా గుళ్లలో ఉన్న ఆచారమే. అది నేల గుండా భక్తుల పాదాల్లోకి శక్తి పంపుతుందనడానికి మాత్రం ఆధారం లేదు. గుళ్లలో పరిచే నల్లరాయి ఎండి ఉన్నప్పుడు కరెంటునే సరిగా పోనివ్వదు. పైగా ఈ జవాబు మసీదు గుమ్మం దగ్గర, గురుద్వారా మెట్ల దగ్గర అక్కరకు రాదు. అక్కడ విగ్రహమూ లేదు, యంత్రమూ లేదు. అయినా అక్కడా చెప్పులు బయటే ఉంటాయి.

ఈ విషయం మీద ఒక నిమిషం షార్ట్ తీయాలనుకునేవారు ముందు ఈ చిక్కు దాటాలి. యూట్యూబ్ 2024 అక్టోబరు నుంచి మూడు నిమిషాల వరకు షార్ట్‌లను అనుమతిస్తోంది కానీ, ఈ ప్రశ్నకు నిమిషం చాలు. తెలుగులో నిదానంగా, అర్థమయ్యేలా చదివితే నిమిషానికి వంద మాటలు వస్తాయి. ఆ వంద మాటల్లో పది కారణాలు కుక్కితే ఒక్కటీ మనసులో నిలవదు. కాబట్టి అన్నిచోట్లా కళ్లకు కనిపించే కారణం ఒకటి పట్టుకోవాలి. నా దృష్టిలో ఆ కారణం నేల.

గుళ్లో సాష్టాంగం చేసేవారిని ఒకసారి గమనించండి. నుదురు, ఛాతీ, అరచేతులు, మోకాళ్లు అన్నీ నేలకు ఆనతాయి. అంగప్రదక్షిణ చేసేవారి ఒళ్లంతా తడి బట్టలతో ఆ రాళ్ల మీదే దొర్లుతుంది. దర్శనం అయ్యాక మండపంలో స్తంభానికి చేరగిలబడి కూర్చుంటాం, దోసిట్లో పులిహోర తింటాం, పసిపిల్లను అక్కడే పడుకోబెడతాం. పేడ, ఉమ్ము, మురుగు తొక్కి వచ్చిన చెప్పు ఆ నేల మీద పడితే అది నేరుగా మన నుదుటికి, పిల్ల బుగ్గకు అంటుతుంది. మసీదులో సజ్దా చేసేటప్పుడు నుదురు, ముక్కు, అరచేతులు, మోకాళ్లు, కాలి వేళ్లు నేలను తాకుతాయి. గురుద్వారాలో గురుగ్రంథ్ సాహిబ్ ముందు నుదురు నేలకు ఆనించి లేస్తారు. లంగరులో ధనికుడైనా పేదవాడైనా ఒకే వరుసలో కింద కూర్చుని భోంచేస్తారు.

ఇక్కడ ఒక చిన్న వివరం మరవకూడదు. ఇస్లాంలో చెప్పు దానంతట అది నిషిద్ధం కాదు. ప్రవక్త చెప్పులతోనే నమాజు చేసిన సందర్భాలు హదీసుల్లో ఉన్నాయి. అశుద్ధం అంటకుండా ఉంటే చాలన్నది అక్కడి నియమం. జానమాజులు, తివాచీలు పరిచిన ఈనాటి మసీదులో ఆ శుభ్రత కాపాడాలంటే చెప్పులు బయట విడవడమే తేలిక. అంటే బయటికి ఒకేలా కనిపించే పని వెనక నియమాలు ఒకటి కావు. షార్ట్ తీసేవారు "అన్ని మతాలూ చెప్పేది ఇదే" అనే వాక్యం రాయకుండా ఉంటే మేలు.

నేల కారణం సరైనదో కాదో తేల్చుకోవడానికి మన చర్చిలే మంచి పరీక్ష. తెలుగు పల్లెల్లో చాలా చర్చిల్లో చాపలు, జంపఖానాలు పరుచుకుని కింద కూర్చుంటారు. చెప్పులు గుమ్మం బయట ఉంటాయి. అదే జిల్లా కేంద్రంలో, పట్నంలో బల్లలు వేసిన చర్చికి వెళితే చాలామంది బూట్లతోనే లోపలికి నడుస్తారు. అదే బైబిలు, అదే భాష, ఒక్కోసారి అదే కుటుంబం. మారింది కూర్చునే తీరు. ఐరోపా చర్చిల్లో శతాబ్దాలుగా బల్లల మీద కూర్చుంటారు, బూట్లు వేసుకునే ఉంటారు. అక్కడ మగవారు గౌరవంగా తీసేది తలమీది టోపీ. గురుద్వారాలో సరిగ్గా దీనికి ఎదురు: చెప్పులు తీయాలి, తల మాత్రం కప్పుకోవాలి. గౌరవం అన్నిచోట్లా ఉంది, దాన్ని చూపే అవయవం వేరు.

అయితే నేల ఒక్కటే కారణం అంటే కొన్ని విషయాలు మిగిలిపోతాయి. తిరుమలలో శ్రీవారి ఆలయం చుట్టూ ఉన్న నాలుగు మాడవీధుల్లో చెప్పులు వేసుకోకూడదు. అవి వీధులు, ఆకాశం కింద ఉన్నాయి, అక్కడ దుమ్మూ ధూళీ ఉంటాయి. కానీ స్వామి వాహనాల మీద ఊరేగేది ఆ వీధుల్లోనే. అందుకే భక్తులకు గుడి హద్దు మహాద్వారం దగ్గర కాక మాడవీధి మొదట్లోనే మొదలవుతుంది. రైతులు కూడా ఇలాంటి హద్దు ఒకటి గీసుకున్నారు. కళ్లంలో ధాన్యం రాశి పోశాక చెప్పులు కళ్లం బయట విడిచి లోపలికి అడుగుపెట్టే అలవాటు మన పల్లెల్లో పాతది. అక్కడ గోపురం లేదు, పూజారి లేడు, ఎదురుగా తినే గింజ ఉంది. బైబిలులోనూ ఖురానులోనూ మోషేకు, అంటే మూసాకు, పవిత్ర స్థలంలో చెప్పులు విడవమని ఆజ్ఞ అందిన ఘట్టం ఉంది. అది ఇల్లూ కాదు, గుడీ కాదు, ఆరుబయలు. ఇథియోపియా ఆర్థడాక్స్ క్రైస్తవులు నేటికీ చెప్పులు విడిచే చర్చిలోకి వెళతారు. కాబట్టి రెండో కారణం హద్దు. ఇక్కడి నుంచి చోటు వేరని ముందుగా తెలుసుకునేది పాదమే.

తోలు సంగతి కూడా అందరూ చెబుతారు. చచ్చిన జంతువు చర్మం కాబట్టి అశుచి అన్నది పాత వివరణ, ఇది కొంతవరకు నిజం. ఇప్పటికీ కొన్ని గుళ్లలో తోలు బెల్టు, పర్సు కూడా బయట పెట్టమంటారు. జైన ఆలయాల్లో దీనికి అహింస కారణం. కానీ రబ్బరు చెప్పులు వచ్చి తరాలు గడిచాయి, వాటినీ బయటే విడుస్తున్నాం. చర్మం బిగించిన మృదంగం, డోలు సన్నిధిలోనే మోగుతాయి. అందువల్ల తోలును ప్రధాన కారణంగా నిలబెట్టకూడదని నా అభిప్రాయం. ఇంకో కారణం కూడా ఉంది. తోలు నీచం, చెప్పు నీచం అన్న మాట మన ఊళ్లలో చెప్పులు కుట్టే మనిషి మీదికి మళ్లింది. కొన్ని కులాలవారు అగ్రకులాల వీధిలో చెప్పులు చేత్తో పట్టుకుని నడవాల్సి వచ్చిన రోజులు చాలా ఊళ్ల జ్ఞాపకంలో ఉన్నాయి. దేవుడి ముందు తనంతట తాను విడవడం వేరు, సాటి మనిషి ముందు బలవంతాన విడిపించడం వేరు. భక్తి గురించి తీసే షార్ట్‌లో ఆ రెండోదానికి ఊతమిచ్చే మాట ఒక్కటి కూడా ఉండకూడదు.

అసలు మన సంప్రదాయంలో చెప్పు నీచవస్తువే అయితే భరతుడు అన్న పాదుకలను సింహాసనం మీద ఎలా పెడతాడు? తిరుపతిలో అలిపిరి దగ్గర పాదాల మండపం ఉంది. కొండెక్కే ముందు భక్తులు అక్కడ లోహంతో చేసిన స్వామివారి పాదరక్షలను రెండు చేతులతో ఎత్తి తలమీద పెట్టుకుని ప్రదక్షిణ చేస్తారు. వాళ్ల సొంత చెప్పులు బయట ఉంటాయి, స్వామి చెప్పులు నెత్తిన ఉంటాయి. వైష్ణవాలయంలో తీర్థం ఇచ్చాక మన తల మీద పెట్టే శఠారి మీద ఉండేవి కూడా స్వామి పాదాలే. మన పాదం ఎక్కడి దాకా రావాలి, ఆయన పాదం ఎక్కడ ఉండాలి అన్న లెక్క ఇది. తోలూ మైలా అన్న వివరణకంటే ఈ దృశ్యం ఎక్కువ చెబుతుంది. నిమిషంలో పట్టదు గానీ, రెండో షార్ట్‌కు ఇది చాలు.

ఇక స్క్రిప్టు. మొదటి ఎనిమిది సెకన్లు తెర మీద చెప్పుల స్టాండ్ మాత్రమే కనిపిస్తుంది: టోకెన్ తీసుకునే చెయ్యి, హవాయి చెప్పులు, స్కూలు బూట్లు, ఒక చేతికర్ర. గొంతు ఇలా మొదలవుతుంది: "లోపలికి వెళ్లేముందు అందరం చేసే మొదటి పని ఇది. ఎందుకు?"

ఇరవై అయిదో సెకను వరకు, పక్కనుంచి తీసిన సాష్టాంగ నమస్కారం, ఆ తరువాత ఆకుదొన్నెలో ప్రసాదం: "లోపల నేలమీదే మోకరిల్లుతాం. నుదురు ఆనిస్తాం. ప్రసాదం తింటాం. వీధిలో తిరిగిన చెప్పు ఆ నేలను తాకకూడదని పెద్దలు కట్టడి చేసుకున్నారు."

ముప్ఫై ఎనిమిదో సెకను వరకు మసీదు మెట్లు, గురుద్వారా ముందు కాళ్లు కడుక్కునే నీటి కాలువ, చాపలు పరిచిన చర్చి: "మసీదులో, గురుద్వారాలో, మన పల్లెల్లోని చాలా చర్చిల్లో కూడా చెప్పులు బయటే. బల్లల మీద కూర్చునే కొన్ని చర్చిల్లో చెప్పులతోనే వెళతారు. వాళ్లు గౌరవం చూపే తీరు వేరు."

యాభయ్యో సెకను వరకు మాడవీధి, ఆ వెంటనే కళ్లంలో ధాన్యం రాశి: "కొన్నిచోట్ల వీధి కూడా గుడిలో భాగమే. తిరుమల మాడవీధుల్లో చెప్పులు వేసుకోరు. ఇక్కడి నుంచి చోటు వేరని పాదానికి తెలియాలి."

చివరి పది సెకన్లు: "పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు ఎండవేళ రాతి మీద నడవకండి. ముందే సిబ్బందిని అడగండి."

ఆ చివరి మాట తీసేయమని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. షుగరు వ్యాధి చాలా కాలంగా ఉన్నవారిలో పాదాల నరాలు దెబ్బతిని వేడి తెలియకుండా పోతుంది. మే నెల మధ్యాహ్నం రాతి ప్రాకారంలో నడిచి, ఇంటికొచ్చి సాక్స్ విప్పినప్పుడే బొబ్బలు కనపడతాయి. అవి పుండుగా మారితే మానడం చాలా కష్టం. అందుకే గుళ్లలో వేసవిలో కొబ్బరిపీచు పట్టాలు పరుస్తారు, నీళ్లు చల్లుతారు, చలువ రంగు వేస్తారు. పట్టా మీదే నడవడం, పొద్దున్నే దర్శనం పెట్టుకోవడం, బయటికి వచ్చాక అరికాలు చేత్తో తడిమి చూసుకోవడం వీలైన జాగ్రత్తలు. గుడ్డ సాక్స్ వేసుకోవచ్చా, చక్రాల కుర్చీకి దారి ఉందా అన్నది ఒక్కో గుడిలో ఒక్కోలా ఉంటుంది. ముందే అడిగి తెలుసుకోవాలి.

చిత్రీకరణ విషయంలో ఒక్క మాట. శ్రీవారి ఆలయంలోకి ఫోన్లు అనుమతించరు, చాలా ప్రార్థనాస్థలాల్లో లోపల కెమెరా కుదరదు. ఈ షార్ట్‌కు అది లోటు కాదు, ఎందుకంటే జరిగేదంతా గడప బయటే. ముఖాలు తీయకుండా పాదాలు, చేతులు తీస్తే ప్రార్థనలో ఉన్నవారికి ఇబ్బంది ఉండదు. సాష్టాంగం దృశ్యం మాత్రం అనుమతి తీసుకుని, తెలిసిన మనిషితో తీసుకోవాలి. విడుదలకు ముందు స్క్రిప్టును ఒక అర్చకుడికి, ఒక ఇమాముకు, ఒక పాస్టరుకు, గురుద్వారా జోడాఘర్‌లో భక్తుల చెప్పులు అందుకుని తుడిచే సేవకుడికి చదివి వినిపించండి. వాళ్లు "మా దగ్గర అలా కాదు" అన్నచోట వాక్యం మార్చండి.