ఫారం 16లో ఒక క్వార్టర్ కనబడకపోతే? రిటర్న్ వేసే ముందు చూసుకోవాల్సిన లెక్క

జీతం తీసుకునే వాళ్ళు ఈ సీజన్‌లో ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, కంపెనీ ఫారం 16 పంపింది. అందులో ఉన్న అంకెలు ఎక్కించేసి రిటర్న్ వేసేయొచ్చా?" వేయొచ్చు. కానీ దానికి ముందు ఒక పది నిమిషాల పని ఉంది. ఆ పని చేయకపోతే ఒకసారి కట్టిన పన్నునే మళ్ళీ కట్టాల్సి రావచ్చు. అదెట్లాగో ఈరోజు ఒక ఉదాహరణతో చూద్దాం.

మన అమరాపురం తమ్ముడు ఒకడు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు అనుకుందాం. ఇంటి దగ్గర నాన్నది వక్క తోట. నెలకు జీతం 85,000. దసరాకి 5,000 బోనస్ ఇచ్చారు. అంటే 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు మొత్తం 10,25,000 రూపాయలు. కొత్త పన్ను విధానంలోనే ఉన్నాడు. కంపెనీ ప్రతి నెలా జీతంలోంచి 3,900 పట్టుకుంది. పన్నెండు నెలలకు 46,800. ఇదే టీడీఎస్. పే స్లిప్పులన్నీ ఫోన్‌లోనే ఉన్నాయి, అన్నింట్లోనూ ఈ కోత కనబడుతోంది.

జూన్‌లో ఫారం 16 మెయిల్‌కి వచ్చింది. దీంట్లో రెండు భాగాలు ఉంటాయి, పార్ట్ ఏ, పార్ట్ బీ. చాలామంది పార్ట్ బీ మాత్రమే చూస్తారు. ఎందుకంటే జీతం, తగ్గింపులు, పన్ను లెక్క అన్నీ అందులోనే ఉంటాయి. మన తమ్ముడి పార్ట్ బీ ఎట్లుందో చూడండి. మొత్తం జీతం 10,25,000. అందులో స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీసేస్తే మిగిలింది 9,50,000. మొదటి 3 లక్షలకు పన్ను లేదు. 3 నుంచి 7 లక్షల వరకు 5 శాతం, అంటే 20,000. మిగతా 2,50,000 మీద 10 శాతం, అంటే 25,000. మొత్తం 45,000. దాని మీద 4 శాతం సెస్ 1,800. కలిపితే 46,800. కింద `Net tax payable` అన్న చోట ఇదే అంకె ఉంది. పే స్లిప్పుల్లో కోసిందీ 46,800 కాబట్టి, తమ్ముడు "సరిపోయింది అన్నా, ఇంక వేసేస్తా" అంటాడు.

ఆగు తమ్ముడూ. పార్ట్ బీ చెప్పేది నువ్వు కట్టాల్సిన పన్ను ఎంత అని. నీ పేరు మీద ప్రభుత్వానికి చేరింది ఎంత అనేది అది చెప్పదు. ఆ సంగతి పార్ట్ ఏలో ఉంటుంది.

పార్ట్ ఏని కంపెనీ సొంతంగా టైప్ చేసి ఇవ్వకూడదు. ఆదాయపు పన్ను శాఖ వారి ట్రేసెస్ సైట్ నుంచి డౌన్‌లోడ్ చేసి ఇవ్వాలి. పైన ట్రేసెస్ గుర్తు, సర్టిఫికెట్ నంబర్, కంపెనీ టాన్ నంబర్, మీ పాన్ నంబర్ ఉంటాయి. ముందు ఆ పాన్‌ను ఒక్కో అక్షరం చూసుకోండి. దాని కింద చిన్న పట్టిక ఉంటుంది. క్వార్టర్ పేరు, ఇచ్చిన జీతం, కోసిన పన్ను, జమ చేసిన పన్ను అని వరుసగా ఉంటాయి. ఏప్రిల్ నుంచి జూన్ మొదటి క్వార్టర్, జూలై నుంచి సెప్టెంబర్ రెండోది, అక్టోబర్ నుంచి డిసెంబర్ మూడోది, జనవరి నుంచి మార్చి నాలుగోది.

మన తమ్ముడి పట్టికలో మొదటి క్వార్టర్ ఎదురుగా 11,700 ఉంది. రెండోదానికి 11,700. మూడోదానికి 11,700. నాలుగో క్వార్టర్ వరుసే లేదు. కింద మొత్తం 35,100. ఒకే సర్టిఫికెట్‌లో పార్ట్ బీ 46,800 అంటోంది, పార్ట్ ఏ 35,100 అంటోంది. మధ్యలో 11,700 తేడా. అంటే సరిగ్గా మూడు నెలల కోత.

మన వైపు లెక్కలో చెప్తా. తోట నుంచి నాలుగు మూటల వక్క మండీకి పంపించారు. మీ పుస్తకంలో నాలుగు రాసుకున్నారు. మండీ పుస్తకంలో మీ పేరు కింద మూడే ఉన్నాయి. డబ్బు ఇచ్చేటప్పుడు మండీ వాళ్ళు ఎవరి పుస్తకం చూస్తారు? వాళ్ళదే. ఇక్కడ పన్ను శాఖ చూసే పుస్తకం పేరు ఫారం 26AS.

అది మీ ఫోన్‌లోనే చూడొచ్చు. incometax.gov.in లో లాగిన్ అయ్యి, `e-File` లో `Income Tax Returns` కి వెళ్ళి, `View Form 26AS` నొక్కండి. ట్రేసెస్ సైట్ తెరుచుకుంటుంది. అక్కడ సంవత్సరం ఎంచుకోమంటుంది. ఎక్కువ మంది తప్పు చేసేది ఇక్కడే. అది అడిగేది అసెస్‌మెంట్ ఇయర్. 2024-25లో సంపాదించిన జీతానికి అసెస్‌మెంట్ ఇయర్ 2025-26. పాత ఏడాది ఎంచుకుని "నా టీడీఎస్ అసలే లేదు" అని కంగారు పడకండి.

తెరిచాక మీ కంపెనీ పేరు, టాన్ కింద వరుసలు కనబడతాయి. జీతం మీద కోత అయితే సెక్షన్ దగ్గర 192 అని ఉంటుంది. పక్కన తేదీ, ఇచ్చిన మొత్తం, కోసిన పన్ను, జమ చేసిన పన్ను ఉంటాయి. `Status of Booking` అనే చోట F అని ఉంటే లెక్క తేలిపోయింది అని అర్థం. U అని ఉంటే కంపెనీ చూపించిన చలానాతో లెక్క కుదరలేదని అర్థం, అది మీ ఖాతాకి వచ్చినట్టు కాదు. ఇప్పుడు ఈ వరుసల్ని పే స్లిప్పులతో నెల నెలా పోల్చండి. మొత్తం మాత్రమే చూస్తే తేడా ఉందని తెలుస్తుంది, ఎక్కడుందో తెలీదు. మన తమ్ముడికి డిసెంబర్ వరకు అన్నీ ఉన్నాయి. జనవరి, ఫిబ్రవరి, మార్చి లేవు.

ఒక మాట. ఇదే ఏప్రిల్‌లోనో మే మొదట్లోనో చూస్తే నాలుగో క్వార్టర్ లేకపోవడం మామూలే. ఆ మూడు నెలల వివరాలు ఇవ్వడానికి కంపెనీకి మే 31 వరకు గడువుంది. ఫారం 16 ఇవ్వడానికి జూన్ 15. అది కూడా దాటాక లేదంటేనే అడగాలి.

ఎందుకు పోతుంది అంటే కారణాలు మామూలుగా మూడు. ఒకటి, కంపెనీ కోసింది కానీ ప్రభుత్వానికి కట్టలేదు. రెండు, కట్టింది కానీ మూడు నెలలకోసారి ఇవ్వాల్సిన 24Q అనే స్టేట్‌మెంట్‌లో ఆ వివరం ఇవ్వలేదు. మూడు, అన్నీ ఇచ్చింది కానీ ఆ జాబితాలో మీ పాన్ తప్పు పడింది. పాన్‌లో ఒక్క అక్షరం మారితే ఆ డబ్బు మీ ఖాతాలో కనబడదు. మన తమ్ముడి విషయంలో జరిగింది ఇదే అనుకుందాం. ఏడాది జీతం లెక్క ఉన్న జాబితాలో పాన్ సరిగ్గానే ఉంది, అందుకే పార్ట్ బీ మామూలుగా వచ్చింది. నాలుగో క్వార్టర్ కోతల జాబితాలో మాత్రం ఒక అక్షరం తప్పింది.

దీన్ని మీరు సరిచేయలేరు. పన్ను ఆఫీసుకి వెళ్ళినా లాభం లేదు. కంపెనీ మాత్రమే 24Qకి కరెక్షన్ స్టేట్‌మెంట్ వేయాలి. కాబట్టి హెచ్‌ఆర్‌కి ఫోన్ కాదు, మెయిల్ పెట్టండి. "నా టీడీఎస్ రాలేదు" అని ఊరికే రాస్తే తిరిగి జవాబు రాదు. ఇట్లా రాయండి: "జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల్లో 3,900 చొప్పున 11,700 కోసినట్టు పే స్లిప్పుల్లో ఉంది. పార్ట్ ఏలోనూ 26ASలోనూ నాలుగో క్వార్టర్ లేదు. 24Qలో నా పాన్ ఎట్లా పడిందో చూసి కరెక్షన్ వేయండి, తర్వాత కొత్త ఫారం 16 ఇవ్వండి." మూడు పే స్లిప్పులు, 26AS కాపీ జత చేయండి. కరెక్షన్ ప్రాసెస్ అయ్యాక 26ASలో ఆ వరుసలు వస్తాయి. అప్పుడు రిటర్న్ వేస్తే కట్టాల్సింది 46,800, కట్టింది 46,800, మిగిలింది సున్నా.

ఓపిక పట్టకుండా ఇప్పుడే వేస్తే? పోర్టల్‌లో టీడీఎస్ దగ్గర ముందే నింపి ఉండేది 35,100. దాన్ని అట్లాగే వదిలేస్తే ఇంకో 11,700 కట్టమంటుంది. కడితే జీతంలో కోసిన పన్నునే జేబులోంచి మళ్ళీ కట్టినట్టు. 46,800 అని మార్చి వేస్తే, ప్రాసెస్ అయ్యేటప్పుడు శాఖ తన పుస్తకంలో ఉన్న 35,100కే లెక్క కట్టి, మిగతాదానికి వడ్డీతో కలిపి డిమాండ్ పంపించవచ్చు.

2025లో గడువును జూలై 31 నుంచి సెప్టెంబర్ 15కి పొడిగించారు కాబట్టి అడగడానికి టైమ్ ఉండింది. అయినా కంపెనీ కదలకపోతే గడువు దాటనివ్వొద్దు. నిజంగా కోసిన 46,800నే చూపించి రిటర్న్ వేయండి, పే స్లిప్పులు, జీతం పడిన బ్యాంక్ స్టేట్‌మెంట్ దాచుకోండి. 1961 ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ 205 ఏం చెప్తుందంటే, జీతంలోంచి పన్ను కోసేశాక ఆ మేరకు మళ్ళీ ఉద్యోగిని కట్టమని అడగకూడదు. అట్లా వసూలు చేయొద్దని కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు 2015లో, మళ్ళీ 2016లో తన అధికారులకు రాసింది కూడా. డిమాండ్ వస్తే పోర్టల్‌లో `Response to Outstanding Demand` లోకి వెళ్ళి ఒప్పుకోవట్లేదని చెప్పి ఆధారాలు పెట్టొచ్చు. కానీ ఒకటి గుర్తుంచుకోండి. సెక్షన్ 205 ఉందని డిమాండ్ దానంతట అది పోదు. వెంట పడాలి, నెలలు పట్టొచ్చు. అందుకే ముందు కంపెనీ చేత సరిచేయించుకోవడమే సులువు.

చివరగా, మధ్యలో ఉద్యోగం మారిన వాళ్ళకి ఒక సంగతి. మీకు రెండు ఫారం 16లు వస్తాయి. రెండూ 26ASతో పైసా తేడా లేకుండా సరిపోవచ్చు. అయినా పన్ను బాకీ ఉండొచ్చు. 2024-25లో నెలకు 85,000తోనే ఆరు నెలలు ఒకచోట, ఆరు నెలలు ఇంకోచోట చేశారనుకోండి. రెండో కంపెనీకి మీ పాత జీతం తెలీదు. దాని లెక్కలో మీ సంపాదన 5,10,000. స్టాండర్డ్ డిడక్షన్ పోతే 4,35,000, రిబేట్ వల్ల పన్ను సున్నా. ఒక్క రూపాయి కూడా కోయదు. కానీ రిటర్న్‌లో రెండు జీతాలు కలపాలి, 75,000 ఒక్కసారే తీసేయాలి. అప్పుడు 9,45,000 మీద పన్ను 46,280 అవుతుంది. మొదటి కంపెనీ ఏడాది మొత్తం చేస్తారనుకుని అందులో సగం, 23,140 కోసి ఉంటే, మిగతా 23,140 మీరే కట్టాలి. ఇది కంపెనీ తప్పు కాదు. కొత్త ఉద్యోగంలో చేరగానే ఫారం 12Bలో పాత జీతం, పాత టీడీఎస్ చెప్పేస్తే ఆ కోత నెల నెలా కొంచెం కొంచెంగా అయిపోతుంది, ఒకేసారి మీద పడదు.

ఇప్పుడు ఫోన్ తీసి మీ పార్ట్ ఏ తెరవండి. నాలుగు వరుసలు ఉన్నాయా, లేదా? అది చూసి కింద కామెంట్‌లో ఏ క్వార్టర్ తేడా వచ్చిందో రాయండి. పాన్ నంబర్ మాత్రం ఎవరూ కామెంట్‌లో పెట్టకండి. ఉంటా మరి.