ప్యాకేజీ వేరు, చేతికొచ్చేది వేరు

ఏడాదికి మూడు లక్షల అరవై వేలు. ఈ కథలోని భీమవరం అమ్మాయికి హైదరాబాద్‌లో దొరికిన తొలి ఉద్యోగం ప్యాకేజీ అది. పన్నెండుతో భాగించి నెలకు ముప్పై వేలనుకుంది. ఇంటికి పది వేలు పంపిస్తానని నాన్నకు మాటిచ్చింది కూడా.

నెల తిరిగేసరికి ఖాతాలో పడింది 25,480. పొరపాటు ఎవరిదీ కాదు. ఆమె బేసిక్ 15,000. అందులో పన్నెండు శాతం, అంటే 1,800, ఆమె పీఎఫ్‌కు పోయింది. కంపెనీ కట్టే మరో 1,800, గ్రాట్యుటీ కింద లెక్కేసే 720 కూడా ప్యాకేజీలోనే కలిపి చూపిస్తారు. తెలంగాణలో వృత్తిపన్ను 200. ఆఫర్ లెటర్ చూసి మురిసిపోయే ఇళ్లలో ఈ లెక్క ఎవరూ విడమరిచి చెప్పరు.

మాట ప్రకారం పది వేలు ఇంటికి పంపింది. హాస్టల్‌కు 8,500, అమ్మకు చీర 2,500. పదిహేడో తారీఖుకు మిగిలింది 610 రూపాయలు.

"నేనేం పెద్దగా కొనలేదక్కా!" అని గదిలో ఉండే వరంగల్ అక్క దగ్గర వాపోయింది. అక్క ఆమె ఫోన్‌లో యూపీఐ చిట్టా తెరిపించి, కాగితం మీద రాయించింది. అన్నీ నలభై, అరవై, నూట ఇరవై. బైక్ టాక్సీలు, ఆటోలే 1,900. ఆమె ఆధార్ ఆంధ్రాది కాబట్టి ఇక్కడి ఆడవాళ్లకిచ్చే ఉచిత బస్సు టికెట్ వర్తించదు, అయినా టికెట్ కొని బస్సెక్కితే ఇంత అయ్యేది కాదు. హాస్టల్‌లో భోజనం ఉండగా బయట తెప్పించుకున్న టిఫిన్లు 1,300.

"నెలాఖరుకు మిగిలింది దాచుడు గాదు. జీతం పడంగనే తీసి పక్కన పెట్టాలె," అంది అక్క.

రెండో జీతం పడిన రోజే హాస్టల్ డబ్బు కట్టేసింది. మూడు వేలు రికరింగ్ డిపాజిట్‌కు, సంక్రాంతి ప్రయాణానికీ అనుకోని ఖర్చులకూ ఒక వెయ్యి. ఇంటికి ఐదు వేలే. నాన్నకు ఆ మాట చెప్పడమే ఆమెకు అన్నిటికన్నా కష్టమైంది. మిగిలిన 7,980ని యూపీఐ లేని వేరే ఖాతాలోకి మార్చింది. వారానికి 1,850 చొప్పున ఫోన్ ఖాతాలోకి తెచ్చుకునేది. నెలంటే సరిగ్గా నాలుగు వారాలు కాదు గనక, చివరి రెండు రోజులకు 580 అట్టేపెట్టింది. చాలామంది లెక్క తప్పేది ఆ రెండు రోజుల దగ్గరే.

మూడో వారంలో జ్వరమొచ్చి డాక్టరుకు, మందులకు 900 అయింది. ఆ వెయ్యిలోంచి తీసింది, డిపాజిట్ జోలికి పోలేదు. పండక్కి దాచింది మాత్రం ఆ నెల వందకు దిగింది. ఈ జీతంలో అంతకుమించి వెసులుబాటు లేదు.

పిల్లలకు ఉద్యోగం వచ్చిందనగానే ప్యాకేజీ ఎంతని అడిగే తల్లిదండ్రులకు ఒక్క విన్నపం. మొదటి పేస్లిప్ వచ్చేదాకా ఆగండి. ఇంటికి ఎంత పంపాలో అది చూశాక, వాళ్లతో కలిసి కూర్చుని తేల్చండి.