కోసిన గులాబీలో మెడ వాలుట: కారణాలు, నివారణ

కోసిన గులాబీ విచ్చుకోకముందే మొగ్గ కింది కాడ వంగి వేలాడటాన్ని 'మెడ వాలుట' అంటారు. మొక్క నుండి వేరైన తరువాత కూడా కాడపై ఉన్న ఆకుల ద్వారా బాష్పోత్సేకం కొనసాగుతుంది. ఆ మేరకు నీరు అందనప్పుడు, ఇంకా గట్టిపడని మెడ భాగం మొగ్గ బరువును మోయలేదు.

నీటి సరఫరాకు ఆటంకం రెండు విధాలుగా ఏర్పడుతుంది. కోయగానే దారునాళాల్లోకి గాలి చేరుతుంది. ఆపై బకెట్ నీటిలో పెరిగిన బాక్టీరియా కోత చివరను మూసివేస్తుంది.

రక్షక పత్రాలు కిందికి వంగి, వెలుపలి రేకులు ఒకటి రెండు విడివడుతున్న దశలో, ఉదయం చల్లని వేళ పూలను కోయాలి. అంతకు ముందే కోస్తే మెడ లేతగా ఉండి వాలుతుంది. ఆలస్యమైతే నిల్వకాలం తగ్గుతుంది. నీటిలో మునిగే ఆకులను తొలగించి, కాడలను వెంటనే శుభ్రమైన నీటిలో ఉంచి, 2-4 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత గల శీతల గదికి చేర్చాలి. నీటిలో సిట్రిక్ ఆమ్లం కలిపి ఉదజని సూచికను సుమారు 3.5కు తగ్గిస్తే బాక్టీరియా పెరుగుదల మందగిస్తుంది. పంచదార పూవుకు ఆహారమే. అయితే బాక్టీరియాను అరికట్టే పదార్థం లేకుండా కలిపితే అది బాక్టీరియాకే ఆహారమవుతుంది.

పెట్టెల్లో నీరు లేకుండా రవాణా అయిన కట్టలో కొన్ని మెడలు వాలాయనుకుందాం. కాడల చివరలను నీటిలో ముంచి ఉంచి, 2-3 సెంటీమీటర్ల మేర తిరిగి కోయాలి. మొగ్గలు నిటారుగా నిలిచేలా కాగితంలో చుట్టి, సుమారు 40 డిగ్రీల గోరువెచ్చని నీటిలో కొన్ని గంటలు ఉంచాలి. మెడ నిలబడితే లోపం నీటి మార్గంలో ఉన్నట్లు. బకెట్ల శుభ్రతను, రవాణా పద్ధతిని సరిచేయాలి. నిలబడకపోతే మొగ్గలను లేతగా కోసి ఉండవచ్చు. అటువంటి కట్టను ద్రావణాలతో కాపాడటం కష్టం. తోటలో కోత దశనే మార్చుకోవాలి.