చివరి చుక్క దగ్గర ఆగిపోయే ప్రోగ్రాం

ఆన్‌లైన్ దరఖాస్తులో పేరు రాసే గడిలో అంకె వేస్తే వెంటనే ఎర్రగీత వస్తుంది. చాలా చోట్ల ఆ తనిఖీ చేసేది రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్. ప్రోగ్రామర్లు క్లుప్తంగా రెజెక్స్ అంటారు. మనం రాసినది ఫలానా నమూనాలో ఉందా లేదా అని చెప్పడమే దాని పని. పేరులో ఇంగ్లిష్ అక్షరాలూ, మాటల మధ్య ఖాళీలూ మాత్రమే ఉండాలనుకున్న ప్రోగ్రామరు ఇలా రాశాడనుకుందాం:

```
^([A-Za-z]+ ?)+$
```

బ్రాకెట్ లోపలి భాగానికి అర్థం: ఒకటో అంతకన్నా ఎక్కువో అక్షరాలు, ఆ తర్వాత ఉంటే ఒక ఖాళీ. బయటి `+` ఆ ముక్క ఎన్నిసార్లైనా రావచ్చంటుంది. చివరి `$` అంటే పేరు అక్కడితో అయిపోవాలి. చూడటానికి తప్పేమీ లేదు. ఏ మామూలు పేరు ఇచ్చినా రెప్పపాటులో సరే అంటుంది.

ఇప్పుడు ఎవరో అలవాటు కొద్దీ చివర చుక్క పెట్టి `Rao.` అని రాశారు. రెజెక్స్ మూడు అక్షరాలనూ ఒకే ముక్కగా తీసుకుని ముందుకెళ్తే చుక్క అడ్డం వస్తుంది. మనిషైతే అక్కడే కుదరదంటాడు. పైథాన్, జావాస్క్రిప్ట్ వంటి భాషల్లోని రెజెక్స్ ఇంజిన్ అలా అనదు. అక్షరాలను తాను వేరేలా విడదీసి ఉంటే కుదిరేదేమోనని వెనక్కి వచ్చి మళ్లీ ప్రయత్నిస్తుంది. దీన్నే బ్యాక్‌ట్రాకింగ్ అంటారు. `Ra`, `o` అని రెండు ముక్కలు చేస్తుంది, కుదరదు. `R`, `ao` అని చూస్తుంది, కుదరదు. `R`, `a`, `o` అని మూడు ముక్కలూ చూస్తుంది. మాటల మధ్య ఖాళీ ఉండి తీరాలని నమూనాలో లేదు కాబట్టి ఈ విడగొట్టడాలన్నీ దానికి సమ్మతమే. మొత్తం నాలుగు దారులు, నాలుగూ ఆ చుక్క దగ్గరే మూసుకుపోతాయి.

నాలుగైతే ఇబ్బంది లేదు. కానీ ఒక్క అక్షరం పెరిగితే దారులు రెట్టింపవుతాయి, ఎందుకంటే ప్రతి రెండు అక్షరాల మధ్యా విరవాలా వద్దా అని రెండు అవకాశాలు. మన పేర్లు పొట్టివి కావు. `Venkatasubrahmanyeswararao` అని ఖాళీ లేకుండా రాస్తే 26 అక్షరాలు. చివర చుక్క ఉంటే దారులు 3,35,54,432. సెకనుకు కోటి దారులు చూడగల ఇంజిన్‌కు మూడు సెకన్లు దాటుతుంది. అదే వేగంతో 30 అక్షరాలకు దాదాపు 54 సెకన్లు, 40 అక్షరాలకు పదిహేను గంటలకు పైగా పడుతుంది. బ్రాకెట్ లోపల ఒక `+`, బయట ఇంకో `+` ఉండటమే దీనికంతటికీ మూలం.

ఈ లోపం పరీక్షల్లో ఎందుకు దొరకదో ఇప్పుడు తెలుస్తుంది. సరైన పేరు మొదటి దారిలోనే నెగ్గుతుంది. మొదటి అక్షరమే తప్పైతే అక్కడే ఓడిపోతుంది. చివరిదాకా సరిగా ఉండి, ఆఖర్న చెడిన పొడుగాటి పేరుకే ప్రోగ్రాం కొయ్యబారుతుంది. అప్పుడు కూడా ఎర్రర్ రాదు, లాగ్‌లో ఏమీ పడదు, మెమరీ పెరగదు. ప్రాసెసర్‌లో ఒక కోర్ మాత్రం నూటికి నూరు శాతం పనిచేస్తూ ఉంటుంది. నోడ్ సర్వర్‌లో వచ్చినవాళ్లందరి పనినీ ఒకే త్రెడ్ చూస్తుంది కాబట్టి, ఒకరి చుక్క కోసం మిగతా అందరూ ఆగిపోతారు. ఇది తెలిసి కావాలనే అలాంటి పాఠాన్ని పంపేవాళ్లూ ఉన్నారు.

2019 జులై 2న క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ తన రక్షణ నియమాల్లో చేర్చిన ఒక కొత్త రెజెక్స్ ప్రపంచమంతటా ఉన్న దాని సర్వర్ల ప్రాసెసర్లను మింగేసింది. దాని వెనుక ఉన్న వెబ్‌సైట్లు 27 నిమిషాలు తెరుచుకోలేదు. అక్కడ `+` మీద `+` లేదు, వరుసగా పడిన `.*` లు ఉన్నాయి. ఒకే పాఠాన్ని చాలా రకాలుగా పంచుకునే వీలివ్వడం మాత్రం అదే.

మన నమూనాకు మందు చిన్నదే:

```
^[A-Za-z]+( [A-Za-z]+)*$
```

ఇక్కడ రెండో మాట మొదలవ్వాలంటే ముందు ఖాళీ ఉండి తీరాలి. అందువల్ల ఏ పేరునైనా విడదీయడానికి ఒకే దారి ఉంటుంది. చుక్క ఎదురైతే ఇంజిన్ అక్షరం అక్షరం వెనక్కి వచ్చి, పాతిక ముప్పై అడుగుల్లో కాదని తేల్చేస్తుంది. పేరు పొడవుకు ముందే హద్దు పెట్టడం మంచిదే గానీ, 40 అక్షరాల హద్దు కూడా పాత నమూనాను కాపాడదని పై లెక్కే చెబుతోంది. అసలు బ్యాక్‌ట్రాకింగే చేయని ఇంజిన్లూ ఉన్నాయి. గూగుల్ వారి ఆర్‌ఈ2, గో భాషలోని రెజెక్స్ అలాంటివి. అన్ని దారులనూ పక్కపక్కనే నడిపించే ఆ పద్ధతిని కెన్ థాంప్సన్ 1968లోనే ప్రచురించాడు. అయితే ముందు దొరికిన ముక్కే మళ్లీ రావాలని అడిగే నమూనాలను అవి ఒప్పుకోవు.

మీ ప్రోగ్రాంలో `+` గానీ `*` గానీ ఉన్న బ్రాకెట్ పక్కన మళ్లీ అలాంటి గుర్తే కనిపిస్తే, చివర చుక్క పెట్టిన ముప్పై అక్షరాల పేరు ఒకటి ఇచ్చి చూడండి.