పిల్లి మాత్ర మింగాక నీళ్లు పట్టించాలి

జలుబు చేసి, ముక్కు కారుతూ, కళ్లు పుసి కట్టిన పిల్లికి పశువైద్యులు తరచూ రాసే మందు డాక్సీసైక్లిన్. ఎలాగోలా నోట్లో వేసేస్తే పని అయిపోయిందనుకుంటాం. కానీ పిల్లి అన్నవాహికలో పొడి మాత్ర ఒక్కోసారి నిమిషాల తరబడి ఇరుక్కుపోతుంది. ఈ మందు అక్కడే కరిగితే లోపలి పొర పుండు పడుతుంది, అది మానేటప్పుడు గొట్టం ఇరుకవుతుంది. అందుకే సూది తీసేసిన సిరంజిలో 5 మి.లీ. నీళ్లు ముందే నింపి పక్కన పెట్టుకోండి. పాలు వద్దు, వాటిలోని కాల్షియం ఈ మందును ఒంటికి పట్టనివ్వదు.

మంచం కింద నుంచి ఈడ్చుకొచ్చిన పిల్లికి మందు వేయడం మాత్రం దండగ పని. అది దగ్గరకొచ్చి కూర్చున్నప్పుడే పాత తువ్వాలు పరిచి, ముందు కాళ్లు లోపలికి వచ్చేలా మెడ దాకా చుట్టండి. వీపు మీ పొట్టకు ఆనాలి. మెడ తోలు పట్టి ఎత్తొద్దు. ఎడమ అరచేతిని తల మీదుగా పెట్టి, బొటనవేలు, చూపుడువేలు రెండు దవడల మూలల దగ్గర ఆనించి, ముక్కు పైకప్పు వైపు తిప్పండి. కింది దవడ కాస్త వదులవుతుంది. కుడిచేతి మధ్యవేలితో కింది ముందుపళ్లను నొక్కి నోరు తెరిచి, మాత్రను నాలుక మధ్యగా, వీలైనంత వెనక్కి జారవిడవండి. నాలుక ముందు భాగంలో పడితే ఉమ్మేస్తుంది. వెంటనే నోరు మూసి, తల మామూలుగా ఉంచి, గొంతు నిమరండి. ముక్కు నాకిందంటే చాలావరకు మింగినట్టే.

ఇప్పుడు నీళ్లు. కోరపన్ను వెనక, బుగ్గ సందులో సిరంజి కొన పెట్టి అర మి.లీ. చొప్పున వదలండి, మింగాకే మళ్లీ వదలాలి. ఈసారి తల పైకెత్తకూడదు, ఎత్తితే నీరు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. దగ్గితే ఆపేసి, తల కిందికి వంచుకోనివ్వండి. ద్రవ మందు పట్టించే పద్ధతీ ఇదే. చేదు మందు నాలుకకు తగిలితే కుళాయి విప్పినట్టు నురగ కారుస్తుంది. చూడ్డానికి భయమేస్తుంది గానీ చాలావరకు అది చేదు వల్లే. నోరు తుడిచి వదిలేయండి. ఎంత మందు లోపలికి పోయిందో తెలియదు కాబట్టి మళ్లీ వేసేముందు డాక్టరును అడగాలి.

తిండిప్రియులైన పిల్లులకు ఇంత తంతు అక్కర్లేదు. తడి ఆహారాన్ని చిన్న ఉండలు చేసి, ముందు రెండు ఉత్తివి, తర్వాత మాత్ర ఉన్నది, వెంటనే మరో ఉత్తి ఉండ పెడితే వరసలో మింగేస్తుంది. గిన్నెడు తిండిలో పొడి కలిపితే సగం వదిలేసి పోతుంది, మోతాదు లెక్క తప్పుతుంది.

రెండుసార్లు ప్రయత్నించినా కుదరకపోతే ఆ పూటకు వదిలేసి, ద్రవ రూపంలో ఇస్తారేమో డాక్టరును అడగండి. కోర్సు మధ్యలోగానీ, అయిపోయిన కొన్ని రోజులకుగానీ పిల్లి ఊరికే గుటకలు వేస్తున్నా, తిన్నది తిన్నట్టే బయటికి తెస్తున్నా, అది జలుబు ముదరడం కాకపోవచ్చు. డాక్సీసైక్లిన్ వేసిన సంగతి చెప్పి, ఆ రోజే చూపించండి.