మానేసిన ఆరో రోజు ఏం చెప్పాలి?

"మీరు నడిచి 6 రోజులైంది. మీ లక్ష్యం మర్చిపోయారా?"

పొద్దున్నే ఫోన్ తెర మీద ఈ మాట కనిపిస్తే ఎవరూ లేచి బూట్లు వేసుకోరు. వేలితో దాన్ని పక్కకు తోసేస్తారు. మర్నాడూ ఆ మర్నాడూ అదే సాధింపు వస్తే, చిరాకేసి ఆ యాప్ నోటిఫికేషన్లనే ఆపేస్తారు. యాప్ తయారుచేసినవాళ్ళకు అసలు నష్టం ఇక్కడే. ఆండ్రాయిడ్ 13 నుంచి ఏ యాప్ అయినా నోటిఫికేషన్లు పంపాలంటే ముందుగా మన అనుమతి అడగాలి. రెండుసార్లు వద్దన్నామంటే ఫోన్ మూడోసారి ఆ ప్రశ్నను మన ముందుకే రానివ్వదు. ఆ తర్వాత యాప్ ఎంత మర్యాదగా మాట్లాడదామనుకున్నా వినే దారి మూసుకుపోయి ఉంటుంది.

రోజూ పొద్దున ఆరింటికి వచ్చే గుర్తింపు, వారం ఎగ్గొట్టాక వచ్చే గుర్తింపు చూడ్డానికి ఒకేలా ఉంటాయి కానీ వాటి పని వేరు. మొదటిది మరిచిపోయినవాళ్ళ కోసం. ఆరు రోజులు మానేసిన మనిషి మరిచిపోలేదు, తప్పించుకు తిరుగుతున్నాడు. మద్యం మానేసే ప్రయత్నంలో ఉన్నవాళ్ళను ఏళ్ళ తరబడి గమనించిన అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త అలన్ మార్లాట్ ఈ సంగతిని విడమరిచి చెప్పారు. ఒక్కసారి జారినందుకు కాదు, జారాక "నా వల్ల కాదు, నేనింతే" అనుకున్నందుకు మనుషులు మళ్ళీ పూర్తిగా వెనక్కి పోతారని ఆయన వివరణ. పొద్దుటి నడకకు మద్యం మానడమంత బరువు లేదు గానీ మనసు పోయే దారి అదే. ఎన్ని రోజులు ఎగ్గొట్టారో లెక్కచెప్పే గుర్తింపు సరిగ్గా ఆ "నేనింతే" అన్న మాటకే సాక్ష్యం తెచ్చి పెడుతుంది.

ఒక్కరోజు తప్పినా అలవాటు పోదని చెప్పే పరిశోధన ఒకటుంది. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మంది మీద చేసి 2010లో ప్రచురించింది. యాప్‌ల వాళ్ళు దీన్ని తెగ వాడుకుంటారు. కానీ ఆ భరోసా ఒక్క అవకాశం తప్పిపోవడం గురించి. వరసగా వారం పోతే సంగతి వేరు. అప్పుడు పాత అలవాటును కొనసాగించడం కాదు, దాదాపు కొత్తగా మొదలుపెట్టడమే అవుతుంది. గుర్తింపును రాసేవాళ్ళు ఈ తేడా పట్టుకోవాలి.

ఒక మనిషిని పెట్టుకుని చూద్దాం. విజయవాడలో 54 ఏళ్ళ టీచరుగారు. షుగర్ ఉంది. వారానికి అయిదు రోజులు, పొద్దున ఆరింటికి, అరగంట నడక. గత రెండు నెలల్లో ఆమె వరసగా నడవని రోజులు మూడుకు మించలేదు. ఒక మంగళవారం నడిచారు. బుధవారం రాజమండ్రిలో పెళ్ళికి వెళ్ళారు. అక్కణ్ణించి జలుబు తెచ్చుకున్నారు.

యాప్ ముందుగా తేల్చుకోవాల్సింది ఏది విరామం, ఏది కాదు అన్నది. అందరికీ ఒకే గీత గీస్తే కుదరదు. వారానికి మూడుసార్లు నడిచేవాళ్ళకు రెండు రోజుల ఖాళీ మామూలే. రోజూ నడిచేవాళ్ళకు అదే ఖాళీ ఏదో జరిగిందనడానికి గుర్తు. అందుకే ఎవరి పాత లెక్క వాళ్ళకే వర్తించాలి. టీచరుగారి విషయంలో మూడు రోజులు దాటేదాకా, అంటే శుక్రవారం వరకు, ఆరింటి గుర్తింపు మామూలుగా రావాలి. శనివారం నుంచి అది ఆగిపోవాలి. రోజూ వస్తూ రోజూ తోసేయించుకునే మాటకు విలువ పోతుంది. మర్నాడు నిజంగా పనికొచ్చే మాట వచ్చినా వేలు అలవాటుగా దాన్నీ తోసేస్తుంది.

ఇక్కడ ఇంకో చిక్కుంది. యాప్‌కు తెలిసింది ఆమె నడవలేదని కాదు, ఫోన్ నడవలేదని. ఫోన్ ఇంట్లో చార్జింగ్‌కు పెట్టి చెల్లెలితో కలిసి గోదావరి గట్టు మీద నడిచి ఉండొచ్చు. లేదా బ్యాటరీ ఆదా కోసం ఫోనే ఆ యాప్‌ను నిద్రపుచ్చి, గుర్తింపు తెర మీదికే రానివ్వకపోయి ఉండొచ్చు. చూసి తోసేసిన గుర్తింపు, అసలు చేరని గుర్తింపు రెండూ ఒకటే అనుకునే యాప్ చెయ్యని తప్పుకు కోప్పడుతుంది. కాబట్టి గుర్తింపు తెర మీద కనిపించిందా, తోసేశారా, తెరిచి చూసి ఊరుకున్నారా అన్నవి విడివిడిగా రాసుకోవాలి. సిగ్నల్ లేని ఊళ్ళో మూడు రోజులుండి వచ్చాక పేరుకున్న సందేశాలన్నీ ఒక్కసారిగా మోగడం మనందరికీ అనుభవమే. కొత్తది వచ్చినప్పుడు పాతది దానంతటదే తొలగిపోయేలా రాయడం కష్టమేమీ కాదు. అయినా చాలామంది రాయరు.

టీచరుగారికి శని, ఆదివారాలు మౌనం. ఆదివారం సాయంత్రం ఏడింటికి ఒకే ఒక్క సందేశం. పొద్దున కాకుండా సాయంత్రం ఎందుకంటే, ఆరింటికి దుప్పట్లో ఉన్న మనిషికి వద్దనడం తేలిక. సాయంత్రం అడిగేది రేపటి గురించి కాబట్టి సరే అనడం తేలిక. ఆదివారమే ఎందుకన్నదానికీ ఆధారముంది. హెంగ్‌చెన్ దాయ్, కేథరిన్ మిల్క్‌మన్, జేసన్ రీస్ 2014లో ప్రచురించిన పరిశోధనలో వారం మొదట్లో, నెల మొదట్లో జిమ్‌కు వెళ్ళేవాళ్ళు పెరగడం గమనించారు. కొత్త వారం వచ్చిందంటే పోయిన వారం పాత ఖాతాలోకి వెళ్ళిపోతుంది.

ఆ సందేశంలో ఏముండాలి? "రేపు పొద్దున 10 నిమిషాలు నడుద్దామా?" అంతే. ఆరు రోజుల ప్రస్తావన లేదు. "మిమ్మల్ని మిస్ అవుతున్నాం" అన్న దొంగ ఆప్యాయత లేదు. నా దృష్టిలో "ఫర్వాలేదు, బాధపడకండి" అన్న ఓదార్పు కూడా ఉండకూడదు. ఓదార్చడమంటే తప్పు జరిగిందని ముందు ఒప్పించడమే కదా. చాలా రోజులకు గడప తొక్కిన చుట్టాన్ని ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదని నిలదీయకుండా, కాళ్ళకు నీళ్ళిచ్చి లోపలికి రమ్మనడం మనకు తెలియని మర్యాదేమీ కాదు.

సందేశం కింద మూడు మీటలు పెట్టొచ్చు, ఆండ్రాయిడ్‌లో అంతవరకు వీలుంది. "రేపు ఆరింటికి", "ఇంకో వారం ఆగు", "ఫోన్ లేకుండా నడుస్తున్నా". రెండో మీట చాలామంది డిజైనర్లకు రుచించదు, చేజేతులా మనిషిని వదులుకున్నట్టు ఉంటుంది వాళ్ళకు. కానీ ఆ మీట లేకపోతే మనిషికి మిగిలేది నోటిఫికేషన్లు ఆపేసే మీట ఒక్కటే. వారం ఆగమన్న మనిషి దారి మూసెయ్యలేదు, గడువు అడిగారు. అడిగిన గడువును యాప్ కచ్చితంగా పాటించాలి, మధ్యలో ఒక్కసారి కూడా తొంగిచూడకూడదు.

సోమవారం ఆమె పది నిమిషాలు నడిచారనుకుందాం. అరగంటలో పది నిమిషాలే అయిందని ఎర్ర గీత చూపిస్తే ఇంతవరకు చేసిందంతా వృథా. ఆ రోజుకు లక్ష్యమే పది నిమిషాలు, అది పూర్తయింది. ఆ వారం మొత్తానికి మూడు రోజులు చాలు. పై వారం 20 నిమిషాలు, నాలుగు రోజులు. ఆ పై వారానికి పాత అరగంట. జలుబు తగ్గిన ఒంటికీ ఈ మెట్లే నయం. ఆమె తనంతట తానే అరగంట నడిచేస్తే యాప్ అడ్డుపడకుండా ఆ మెట్టుకే జరగాలి. మధ్యలో మళ్ళీ రెండు రోజులు తప్పితే కింది మెట్టుకు తొయ్యకుండా ఉన్న మెట్టు మీదే ఉంచాలి. పోయిన రోజుల బాకీ మాత్రం ఎక్కడా కలపకూడదు. వరస తెగింది కాబట్టి సున్నా నుంచి మొదలంటూ చూపించే లెక్క కంటే, "ఈ నెలలో 11 రోజులు నడిచారు" అన్న లెక్క మంచిది. నెల మధ్యలో అది పెరుగుతుందే తప్ప తగ్గదు.

ఆదివారం సందేశానికి ఆమె పలకలేదనుకోండి. పై ఆదివారం ఇంకొకటి, మాట మార్చి. మాట మార్చడం ముఖ్యం. భాషలు నేర్పే డ్యులింగో సంస్థ తన గుర్తింపుల మీద 2020లో ఒక పరిశోధన పత్రం వెలువరించింది. ఈమధ్యే చూసిన వాక్యం మళ్ళీ వస్తే పట్టు తగ్గుతుందని, కొంతకాలం పక్కన పెడితే ఆ పట్టు తిరిగి వస్తుందని లెక్కలోకి తీసుకుని, ఎవరికి ఏ రోజు ఏ వాక్యం పంపాలో ఎంచుకునే పద్ధతి అది. రెండో ఆదివారమూ జవాబు లేకపోతే మరో రెండు వారాలు ఆగి ఆఖరిది: "గుర్తింపులు ఆపేస్తున్నాను. ఎప్పుడైనా యాప్ తెరిస్తే పది నిమిషాల నడక నుంచే మొదలవుతుంది." దాదాపు నెలరోజుల్లో మొత్తం మూడు సందేశాలు. ఆపేస్తున్నామని చెప్పడం డ్యులింగోలోనూ ఉంది. ఈ గుర్తింపులు పనిచేస్తున్నట్టు లేవు, ప్రస్తుతానికి పంపడం ఆపేస్తాం అన్న అర్థంలో అది పంపే మాట ప్రపంచమంతా నవ్వులపాలైంది. ఆపడం సరైన పనే. చెప్పే తీరులో కొంచెం మూతి విరుపు ఉంది.

ఇదంతా పనిచేస్తోందా లేదా ఎలా తెలుస్తుంది? సందేశాన్ని ఎంతమంది తెరిచారన్నది చూస్తే మోసపోతాం. భయపెట్టే మాటనే ఎక్కువమంది తెరిచి చూడొచ్చు, అంతమాత్రాన నడుస్తారని కాదు. పెళ్ళి నుంచి వచ్చినవాళ్ళలో చాలామంది ఎవరూ చెప్పకపోయినా మళ్ళీ నడుస్తారు. ఆ ఘనత సందేశానిది అనుకుంటే పొరపాటు. అందుకే విరామంలో ఉన్నవాళ్ళను చీటీలు వేసినట్టు రెండుగా విడదీసి, సగం మందికి సందేశం పంపి, సగం మందికి పంపకుండా చూడాలి. తిరిగొచ్చిన రోజు కాదు, తిరిగొచ్చిన రెండో వారంలో ఎవరు ఇంకా నడుస్తున్నారన్నది కొలవాలి. నోటిఫికేషన్లు ఆపేసినవాళ్ళ లెక్క కూడా దాని పక్కనే ఉండాలి. అమెరికాలో హార్ట్‌స్టెప్స్ అనే ప్రయోగంలో ఆరు వారాల పాటు, రోజుకు అయిదు సమయాల్లో, సందేశం పంపాలా వద్దా అన్నది ప్రతిసారీ యాదృచ్ఛికంగా తేల్చారు. నడవమన్న సందేశం మొదట్లో బాగానే కదిలించింది. రోజులు గడిచేకొద్దీ దాని ప్రభావం తగ్గిపోయింది. మూడు సందేశాలతో సరిపెట్టమనడానికి ఇది కూడా ఒక కారణం.

ఈ పద్ధతిని యథాతథంగా మందుల గుర్తింపులకు ఎత్తుకెళ్ళకూడదు. నడకలో ఎక్కడ మొదలుపెట్టాలో యాప్ చెప్పొచ్చు, మందులో చెప్పకూడదు. మానసిక వైద్యంలో వాడే క్లోజపిన్‌నే తీసుకోండి. 48 గంటలకు మించి ఆగితే పాత మోతాదు మళ్ళీ వేసుకోవడం ప్రమాదం. డాక్టరు 12.5 మిల్లీగ్రాముల నుంచి కొత్తగా మొదలుపెట్టిస్తారు. అక్కడ మూడు రోజుల మౌనం పనికిరాదు, ఆదివారం దాకా ఆగడం అసలే పనికిరాదు. విరామం కనిపించిన వెంటనే "మాత్ర వేసుకునే ముందు డాక్టరుగారితో మాట్లాడండి" అని చెప్పి, కింద ఫోన్ చేసే మీట ఉంచాలి. దెప్పిపొడుపు మాత్రం అక్కడ కూడా వద్దు. మందు మానేసిన సంగతి డాక్టరుకు చెప్పడానికి రోగికి మొహం చెల్లకపోతే, ఆయన పాత మోతాదునే కొనసాగించమంటారు.